ముందు తలా ఒకటి: లడ్డూలకు చెల్లేది పుస్తకాలకు ఎందుకు చెల్లదు?

ఐదు వేర్వేరు పుస్తకాలు ఉన్నాయి. వాటిని రాము, సీత, గోపి అనే ముగ్గురు పిల్లలకు పంచాలి. ప్రతి ఒక్కరికీ కనీసం ఒక పుస్తకం రావాలి. ఎన్ని విధాలుగా పంచవచ్చు?

ప్రస్తారాలు, సంయోగాలు చాప్టర్ పూర్తయిన ఇంటర్ క్లాసులో ఈ లెక్క బోర్డు మీద రాస్తే చాలామంది పెన్ను ఒకే దారిలో కదులుతుంది. ముందు తలా ఒకటి ఇచ్చేద్దాం అనుకుంటారు. రాముకు ఐదింటిలో ఒకటి, సీతకు మిగిలిన నాలుగింటిలో ఒకటి, గోపికి మూడింటిలో ఒకటి. అంటే 5 × 4 × 3 = 60. కనీసం ఒకటి అనే షరతు తీరిపోయింది కాబట్టి మిగిలిన రెండు పుస్తకాలూ ఎవరికైనా వెళ్లవచ్చు. అవి 3 × 3 = 9. మొత్తం 60 × 9 = 540.

ఎక్కడా కూడిక తప్పలేదు, గుణకారం తప్పలేదు. అయినా జవాబు తప్పు. ఎంత తప్పంటే, అసలు షరతే లేకుండా ఐదు పుస్తకాలను ముగ్గురికి ఇష్టమొచ్చినట్టు పంచితే వచ్చేవి 3⁵ = 243 మాత్రమే. షరతు పెడితే ఆ సంఖ్య తగ్గాలి గానీ రెట్టింపు దాటిపోకూడదు కదా. సరైన జవాబు 150.

ఇదే లెక్కను పుస్తకాలకు బదులు వేర్వేరు రంగుల బంతులతో 2012 ఐఐటీ జేఈఈలో అడిగారు. అక్కడ ఇచ్చిన ఆప్షన్లు 75, 150, 210, 243. అందులో 540 లేదు కాబట్టి ఆ దారిలో వెళ్లిన విద్యార్థికి ఎక్కడో తేడా కొట్టిందని వెంటనే తెలిసిపోయేది. ఇప్పుడు జేఈఈ మెయిన్‌లో ఒక్కో సబ్జెక్టుకు ఐదు ప్రశ్నలు ఆప్షన్లు లేకుండా, జవాబు అంకెను నేరుగా టైప్ చేసే తరహాలో వస్తున్నాయి. అలాంటి ప్రశ్నలో 540 అని టైప్ చేస్తే కంప్యూటర్ కిమ్మనదు. నాలుగు మార్కులు రాకపోగా ఒక మార్కు పోతుంది. చివరికి జవాబుగా ఒకే ఒక పూర్ణాంకం వచ్చే ఈ చాప్టర్ అలాంటి ప్రశ్నలకు బాగా కుదురుతుంది కూడా.

విద్యార్థికి ఫార్ములా రాదని ఈ తప్పుకు కారణం చెప్పేస్తుంటారు. నిజానికి ఈ తప్పు చేసేవాళ్లకు nPr, nCr రెండూ కంఠతా వచ్చు. పైగా "ముందు తలా ఒకటి" అనే ఎత్తు వాళ్లు సొంతంగా కనిపెట్టినదేమీ కాదు. అదే చాప్టర్‌లో, పుస్తకాల బదులు ఒకేలా ఉండే లడ్డూలు పంచే లెక్కలో ఆ ఎత్తు నూటికి నూరుపాళ్లు సరైనది. ఒకచోట ఒప్పయినది ఇంకోచోట ఎందుకు తప్పవుతుందో చూపించే లెక్క వాళ్ల ప్రాక్టీసులో ఎప్పుడూ ఎదురుకాలేదు, అంతే. మెట్టుమెట్టుగా సాధన చేయించడం అంటే ఆ లెక్కను సరైన సమయంలో ఎదురుపెట్టడమే.

మెట్లు ఎక్కడ వేయాలి

మన దగ్గర మెటీరియల్లో మెట్లు అంటే సాధారణంగా ఐపీఈ స్థాయి, ఎప్‌సెట్ స్థాయి, మెయిన్ స్థాయి, అడ్వాన్స్‌డ్ స్థాయి అనే నాలుగు గదులు. మొదటి గదిలో అంకెలు చిన్నవి, చివరి గదిలో పెద్దవి. మధ్యలో ఒకే నమూనాలో నలభై బిట్లు. మొదటి మూడు చేశాక మిగతా ముప్పై ఏడింటికి ఆలోచన అక్కర్లేదు, అంకెలు మార్చి ఫార్ములాలో వేసుకుంటూ పోవడమే. స్టడీ అవర్లో షీటు మాత్రం నిండుతుంది.

ఈ చాప్టర్లో కష్టం అంకెల పరిమాణంలో లేదు. ప్రశ్నలో ఒక్క మాట మారితే లెక్కించే పద్ధతే మారిపోతుంది, కష్టమంతా అక్కడుంది. కాబట్టి అంకెలను అలాగే ఉంచి, ఒక్కో మెట్టుకు ఒక్క షరతును మాత్రమే మార్చాలి. పంపకాల లెక్కలకు ఇది చక్కగా సరిపోతుంది. వస్తువులు ఐదు, పిల్లలు ముగ్గురు అని ఖాయం చేసుకుంటే అడగాల్సిన ప్రశ్నలు మూడే మిగులుతాయి. వస్తువులు వేర్వేరా, ఒకేలాంటివా? తీసుకునేవాళ్లు వేర్వేరా, లేక పేరు లేని కట్టలా? ఎవరైనా ఖాళీ చేతులతో మిగలవచ్చా, కూడదా? ఈ మూడు ప్రశ్నల జవాబులను బట్టి అదే ఐదు, అదే మూడుతో 243, 150, 25, 21, 6 అనే వేర్వేరు సంఖ్యలు వస్తాయి.

చేత్తో రాయగలిగేంత చిన్నది

మొదటి మెట్టు మీద ఐదు పుస్తకాలు కూడా వద్దు. మూడు పుస్తకాలు, ఇద్దరు పిల్లలు చాలు. తెలుగు, లెక్కలు, ఫిజిక్స్. షరతు ఏమీ లేదు. విద్యార్థి ఫార్ములా జోలికి పోకుండా అన్ని పంపకాలనూ కాగితం మీద రాయాలి. రాముకు ఏమేం వెళ్లాయో రాస్తే చాలు, మిగిలినవి సీతవే. ఏమీ లేదు; తెలుగు; లెక్కలు; ఫిజిక్స్; తెలుగు-లెక్కలు; తెలుగు-ఫిజిక్స్; లెక్కలు-ఫిజిక్స్; మూడూ. మొత్తం ఎనిమిది.

ఇప్పుడు అడగాలి, 8 అంటే 2³. మరి 3² ఎందుకు కాదు? ఈ చాప్టర్లో అన్నిటికంటే ముందు వచ్చే గందరగోళం ఇదే. ఉత్తరాలు, పోస్టు డబ్బాల లెక్కలో కూడా ఇదే చిక్కు. ప్రతి పుస్తకం కచ్చితంగా ఒకే ఒక్క ఇంటికి వెళ్తుంది, ఎటు వెళ్లాలన్న నిర్ణయం దానికి ఒక్కసారే జరుగుతుంది. పిల్లల వైపు నుంచి చూస్తే ఒకరికి మూడూ రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు, కాబట్టి "ఒక్కో పిల్లకు మూడు దారులు" అనడానికి లేదు. కచ్చితంగా ఒకచోటికే వెళ్లేది ఏదో దాన్ని పట్టుకుని గుణించాలి. కళ్ల ముందు ఎనిమిది వరుసలు ఉన్నాయి కాబట్టి 9 అని వాదించడానికి ఎవరికీ వీలుండదు. చేత్తో రాయించడంలో ఉన్న లాభం అదే. టీచర్ చెప్పాడని కాక, జాబితాయే తప్పు చూపిస్తుంది.

తర్వాతి మెట్టు మీద మారేది ఒక్కటే. ఎవరూ ఖాళీగా ఉండకూడదు. అదే జాబితాలో మొదటిదీ చివరిదీ కొట్టేస్తే ఆరు మిగులుతాయి. సరిగ్గా ఇక్కడ "ముందు తలా ఒకటి" ఎత్తును విద్యార్థి చేతే వేయించాలి. రాముకు మూడింటిలో ఒకటి, సీతకు రెండింటిలో ఒకటి, మిగిలిన పుస్తకం ఇద్దరిలో ఎవరికైనా. 3 × 2 × 2 = 12. జాబితాలో ఉన్నవి ఆరే. సరిగ్గా రెండింతలు వచ్చింది.

ఇక్కడ ఆగిపోతే ప్రమాదం. తెలివైన విద్యార్థి వెంటనే "అయితే రెండుతో భాగిస్తే సరి" అంటాడు. ఈ లెక్కకు అది నిజమే, కానీ అది కాకతాళీయం. అందుకే వెనువెంటనే నాలుగు పుస్తకాలు, ఇద్దరు పిల్లల లెక్క రావాలి. అసలు జవాబు 16 లోంచి 2 తీసేస్తే 14. తలా ఒకటి పద్ధతిలో 4 × 3 × 2 × 2 = 48. నలభై ఎనిమిదిని దేనితో భాగిస్తే పద్నాలుగు వస్తుంది? పూర్ణాంకం ఏదీ లేదు. భాగించి సరిచేసుకుందాం అన్న ఆశ ఇక్కడితో పోతుంది. ఎందుకు పోయిందో విద్యార్థే వెతకడం మొదలుపెడతాడు.

540 లోపల ఏముంది

ఇప్పుడు మళ్లీ ఐదు పుస్తకాలు, ముగ్గురు పిల్లల దగ్గరికి రావచ్చు. ఎవరూ ఖాళీగా ఉండకూడదంటే పుస్తకాలు రెండు రకాలుగానే విడిపోగలవు. ఒకరికి మూడు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. లేదా ఇద్దరికి రెండేసి, ఒకరికి ఒకటి.

మొదటి రకంలో మూడు ఎవరికి అన్నది 3 విధాలు, ఏ మూడు అన్నది 5C3 = 10, మిగిలిన రెండు పుస్తకాలు మిగిలిన ఇద్దరికీ 2 విధాలు. మొత్తం 60. రెండో రకంలో ఒక్కటే వచ్చేది ఎవరికి అన్నది 3 విధాలు, ఏ పుస్తకం అన్నది 5, మిగిలిన నాలుగింటిలో ఒకరికి రెండు ఎంచడం 4C2 = 6. మొత్తం 90. రెండూ కలిపితే 150.

540 కు ఇవే 150 పంపకాలు ఎలా ఉబ్బాయో చూడాలంటే ఒక్క పంపకాన్ని పట్టుకుంటే చాలు. చివరికి రాము దగ్గర తెలుగు, లెక్కలు, ఫిజిక్స్ ఉన్నాయి, సీత దగ్గర ఇంగ్లిష్, గోపి దగ్గర కెమిస్ట్రీ. తలా ఒకటి పద్ధతిలో రాముకు "ముందు ఇచ్చింది" ఏది? తెలుగు కావచ్చు, లెక్కలు కావచ్చు, ఫిజిక్స్ కావచ్చు. కథలు మూడు, ఫలితం ఒక్కటే. ప్రశ్న అడిగింది చివరికి ఎవరి చేతిలో ఏముందన్న సంగతి. ముందు ఏది ఇచ్చారు, వెనక ఏది ఇచ్చారు అని ఎవరూ అడగలేదు. ఈ పద్ధతి మాత్రం ముందు వెనకలను కూడా లెక్కలో కలిపేసింది.

మూడు, ఒకటి, ఒకటి రకం పంపకం ఒక్కొక్కటి ఇలా మూడుసార్లు లెక్కకు వచ్చింది. రెండు, రెండు, ఒకటి రకంలో ఇద్దరికీ చెరో రెండు ఉన్నాయి కాబట్టి 2 × 2, అంటే నాలుగేసి సార్లు వచ్చింది. 60 × 3 = 180, 90 × 4 = 360. కలిపితే సరిగ్గా 540. ఒక రకం మూడింతలు, ఇంకో రకం నాలుగింతలు పెరిగింది కాబట్టి మొత్తాన్ని ఏ ఒక్క సంఖ్యతో భాగించినా లెక్క సరికాదు. ఈ ఒక్క కూడికను విద్యార్థి తన చేత్తో చేసుకుంటే చాలు, తర్వాత ముప్పై బిట్లు తగ్గినా నష్టం లేదు.

ఇదే మెట్టు మీద రెండో దారి కూడా నేర్పాలి, ఎందుకంటే పరీక్షలో వేగంగా నడిచేది అదే. మొత్తం 243 లోంచి రాము ఖాళీగా ఉన్నవి 2⁵ = 32, సీత ఖాళీగా ఉన్నవి 32, గోపి ఖాళీగా ఉన్నవి 32 తీసేయాలి. 243 − 96 = 147. ఇక్కడ ఆగిపోయేవాళ్లు చాలామంది. అన్ని పుస్తకాలూ రాముకే వెళ్లిన పంపకంలో సీతా ఖాళీయే, గోపీ ఖాళీయే. అంటే అది రెండుసార్లు తీసివేతకు గురైంది. ఒకసారి తీసేయాల్సినదాన్ని రెండుసార్లు తీశాం కాబట్టి ఒకసారి తిరిగి కలపాలి. అలాంటివి మూడు. 147 + 3 = 150.

రెండు దారుల్లో ఒకే సంఖ్య రావడం ఈ చాప్టర్లో ఉన్న ఒకే ఒక్క నమ్మదగిన తనిఖీ. సమీకరణంలో అయితే జవాబును వెనక్కి వేసి చూసుకోవచ్చు, ఇక్కడ 150 ని ఎక్కడ వేసి చూస్తాం? అందుకే ఈ మెట్టు మీద ప్రతి లెక్కనూ రెండు దారుల్లో చేయించడం మంచిది. ఉదాహరణకు ఆరు పుస్తకాలు, నలుగురు పిల్లలు, ఎవరూ ఖాళీ కాకూడదు. తీసివేతల దారిలో 4096 − 2916 + 384 − 4 = 1560. విడదీసే దారిలో, ఒకరికి మూడు వచ్చేవి 480, ఇద్దరికి రెండేసి వచ్చేవి 1080. కలిపితే అదే 1560. లెక్కలు తక్కువైనా ఫర్వాలేదు, నాలుగైదు చాలు.

పేర్లు తీసేస్తే

తర్వాత మార్చాల్సింది పిల్లల పేర్లు. ఐదు పుస్తకాలను మూడు కట్టలుగా కట్టాలి, కట్టల మీద పేర్లు లేవు. ఏ కట్ట ఎవరిదో తేడా లేదు కాబట్టి 150 ని 3! తో, అంటే ఆరుతో భాగిస్తే 25. ఇక్కడ భాగహారం ఎందుకు చెల్లింది? పుస్తకాలు వేర్వేరు కాబట్టి మూడు కట్టలూ ఎప్పుడూ వేర్వేరుగానే ఉంటాయి, ఏ మూడు కట్టలనైనా ముగ్గురికి ఆరు విధాలుగా ఇవ్వవచ్చు. ప్రతిదీ సరిగ్గా ఆరింతలు పెరిగింది, అందుకే ఆరుతో తగ్గుతుంది. 540 విషయంలో లేనిది ఈ సమానత్వమే.

అకాడమీ పుస్తకంలో సమాన గుంపులుగా విభజించే సిద్ధాంతం ఈ మెట్టుదే. పన్నెండు వస్తువులను నాలుగేసి చొప్పున ముగ్గురికి పంచితే 34650, పేరు లేని మూడు గుంపులు చేస్తే 5775. ఆ సిద్ధాంతంలో కింద ఉండే 3! ఎక్కడి నుంచి వచ్చిందో పై 25 లెక్క చేసిన విద్యార్థికి విడిగా చెప్పనక్కర్లేదు.

ఒక పొరపాటు ఇక్కడ తరచుగా కనిపిస్తుంది. రెండు, రెండు, ఒకటిగా విడదీయడానికి 5C2 × 3C2 × 1C1 = 30 అని రాసి, ముగ్గురికి ఇవ్వాలి కాబట్టి మళ్లీ 3! తో గుణిస్తారు. 180 వస్తుంది, రావాల్సింది 90. మొదటి రెండు, రెండో రెండు అని వరుసగా ఎంచేటప్పుడే ఆ రెండు కట్టలకు వరుస వచ్చేసింది. కట్టలుగా చూస్తే అవి 15 మాత్రమే. పదిహేనును ఆరుతో గుణిస్తే 90.

ఇక లడ్డూలు

ఇప్పుడు పుస్తకాలు పక్కనపెట్టి ఒకేలా ఉండే ఐదు లడ్డూలు తీసుకుందాం. పిల్లలు మళ్లీ రాము, సీత, గోపి. ఏ లడ్డూ ఎవరికి అన్న ప్రశ్న పోయింది, ఎవరికి ఎన్ని అన్నదే మిగిలింది. ఐదు లడ్డూలను వరుసగా పెట్టి మధ్యలో రెండు పుల్లలు అడ్డంగా ఉంచితే మూడు భాగాలవుతాయి. ఏడు స్థానాల్లో పుల్లలకు రెండు ఎంచుకోవడమే కాబట్టి 7C2 = 21.

ఎవరూ ఖాళీగా ఉండకూడదంటే? ముందు తలా ఒక లడ్డూ ఇచ్చేయాలి. మిగిలిన రెండు లడ్డూలను ఇష్టం వచ్చినట్టు పంచితే 4C2 = 6. జాబితా రాసి చూస్తే ఒకరికి మూడు వచ్చేవి మూడు, ఒకరికి మాత్రం ఒక్కటే వచ్చేవి మూడు, మొత్తం ఆరే. ఎత్తు పారింది.

పుస్తకాల దగ్గర బెడిసికొట్టిన ఎత్తు ఇక్కడ ఎందుకు పారిందన్నదే ఈ మొత్తం సాధనలో విద్యార్థి తన మాటల్లో రాయాల్సిన ఒకే ఒక్క వ్యాసరూప జవాబు. రాము చేతిలో మూడు లడ్డూలు ఉంటే ముందు ఇచ్చింది ఏదో ఎవరూ చెప్పలేరు, మూడూ ఒకేలా ఉన్నాయి. కాబట్టి ఆ పంపకానికి కథ కూడా ఒక్కటే. పుస్తకానికి పేరుంది, లడ్డూకు లేదు. రెండు మూడు వాక్యాల్లో ఇది రాయలేకపోతే, ఎన్ని బిట్లు సరిగ్గా పెట్టినా ఈ మెట్టు ఎక్కనట్టే.

2011 ఏఐఈఈఈలో పది ఒకేలాంటి బంతులను నాలుగు వేర్వేరు పెట్టెల్లో, ఏదీ ఖాళీ లేకుండా పెట్టే విధాలు 9C3 అన్న వాక్యం ఇచ్చి అది నిజమా కాదా అని అడిగారు. నిజమే. పది బంతుల మధ్య తొమ్మిది సందులు, అందులో మూడింటిలో పుల్లలు. తలా ఒకటి ఇచ్చి మిగిలిన ఆరింటిని పంచినా 9C3 యే వస్తుంది.

లడ్డూల దగ్గర పిల్లల పేర్లు తీసేస్తే మాత్రం మళ్లీ జాగ్రత్త. ఐదు లడ్డూలను పేరులేని పొట్లాలుగా, మూడుకు మించకుండా కట్టాలి అంటే 21 ని ఆరుతో భాగించకూడదు, భాగిస్తే మూడున్నర వస్తుంది. ఐదూ ఒకే పొట్లం; నాలుగు-ఒకటి; మూడు-రెండు; మూడు-ఒకటి-ఒకటి; రెండు-రెండు-ఒకటి. మొత్తం ఐదు. దీనికి పరీక్షల్లో ఉపయోగపడే షార్ట్‌కట్ ఏమీ లేదు, కూర్చుని రాయడమే.

తప్పు జవాబును చదవడం

అంకెలు మార్చకుండా ఉంచడంలో టీచర్‌కు ఒక పెద్ద సౌకర్యం ఉంది. పుస్తకాల లెక్కకు 150 బదులు ఏ సంఖ్య వచ్చిందో చూస్తే విద్యార్థి ఏ మెట్టు మీద జారాడో తెలిసిపోతుంది. 125 అంటే 3⁵ బదులు 5³ అనుకున్నాడు, షరతు సంగతి తర్వాత, మొదటి మెట్టుకే పంపాలి. 243 అంటే షరతు చదవలేదు. 147 అంటే తిరిగి కలపడం మరిచాడు. 540 సంగతి చూశాం. 300 వస్తే రెండు రకాల్లోనూ సమానంగా ఉన్న కట్టలను రెండేసిసార్లు లెక్కపెట్టాడు, 120 కి 180 కలిపి. 50 వస్తే కట్టలను వరుసగా ఎంచి, పిల్లలకు ఇవ్వడమే వదిలేశాడు. 25 అంటే కట్టల వరకు సరిగ్గా వచ్చి పేర్లు మరిచాడు. 6 లేదా 21 అంటే పుస్తకాలను లడ్డూలుగా చూశాడు.

వీకెండ్ టెస్టులో ఈ పిల్లలందరికీ ఒకేలా సున్నా పడుతుంది, ఓఎంఆర్ షీట్‌కు ఈ తేడాలు పట్టవు. అందుకే ఈ చాప్టర్‌కు కనీసం సాధన దశలోనైనా రఫ్ షీట్ తీసుకుని చూడాలి. నలభై మంది క్లాసులో ఒక్కో సంఖ్య పక్కన ఎంతమంది ఉన్నారో బోర్డు మీద రాస్తే, మర్నాడు ఏ మెట్టు మళ్లీ చెప్పాలో వేరే ఆలోచించనక్కర్లేదు.

కలిపి ఇవ్వడం ఎప్పుడు

మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కేటప్పుడు విద్యార్థికి ఏ పద్ధతి వాడాలో ముందే తెలుసు, ఎందుకంటే అవాళ్టి పాఠం అదే. పరీక్షలో ఆ సంగతి ఎవరూ చెప్పరు. కాబట్టి ప్రతి మెట్టు మీద నాలుగైదు లెక్కలు అయ్యాక, వరుస చెరిపేసి అన్నీ కలిపిన షీటు ఇవ్వాలి. అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకే రకం లెక్కలు వరుసగా చేసిన విద్యార్థులు సాధన సమయంలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం కలగలిపిన లెక్కలు చేసినవాళ్లు వాళ్లను దాటేశారు. అక్కడి లెక్కలు ఘనపరిమాణాలవి, పంపకాలవి కావు. అయినా ఏ ఫార్ములా ఎప్పుడు అనే చిక్కే ప్రధానమైన మన చాప్టర్‌కు అది ఇంకా బాగా వర్తిస్తుందనిపిస్తుంది. కలిపిన షీటు మొదటిరోజు మార్కులు పడిపోతాయి, తల్లిదండ్రులకూ మేనేజ్‌మెంట్‌కూ అది నచ్చదు. టెన్షన్ పడి వెనక్కి వెళ్లి మళ్లీ నలభై ఒకే రకం బిట్లు ఇవ్వడం మామూలుగా జరిగే పని.

కలిపిన షీటులో పుస్తకాలు, లడ్డూలు అనే మాటలు కూడా కనిపించకూడదు. అదే 150 లెక్క ఇలా రావచ్చు: 1, 2, 3 అంకెలతో, మూడూ కనీసం ఒకసారి వచ్చేలా ఎన్ని ఐదంకెల సంఖ్యలు రాయవచ్చు? ఇక్కడ పుస్తకాలు అంటే ఐదు స్థానాలు, పిల్లలు అంటే మూడు అంకెలు. లేదా, తెలుగు మీడియంలో సంగ్రస్త ప్రమేయాలనే, అందరూ ఆంటూ ఫంక్షన్లని పిలిచేవి ఐదు మూలకాల సమితి నుంచి మూడు మూలకాల సమితికి ఎన్ని? ఫస్టియర్ పాఠం వేషంలో వచ్చిన అదే పంపకం. లడ్డూల లెక్కేమో x + y + z = 5 కు ధన పూర్ణాంక సాధనలు ఎన్ని అనే రూపంలో వస్తుంది, జవాబు 6. ప్రతి ప్రశ్న పక్కన జవాబు కంటే ముందు "ఏవి పుస్తకాలు, ఎవరు పిల్లలు" అని ఒక్క వాక్యం రాయించాలి. మొదటి షీటుకు ఇంతే చాలు, జవాబు కట్టకపోయినా ఫర్వాలేదు.

గడియారం పెట్టడం దీని తర్వాతే. ఎప్‌సెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు అరవై ఏడున్నర సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. ఆ సమయంలో విడదీసే దారి, తీసివేసే దారి రెండూ చేయడం కుదరదు, ఒకటి చేసి షరతులేని మొత్తంతో పోల్చుకోవాలి. 243 దాటిందా అన్న చూపుకు రెండు సెకన్లు కూడా పట్టవు, 540 ని పట్టేయడానికి అదే సరిపోతుంది. 147 ని అది పట్టదు. జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు సగటున రెండున్నర నిమిషాల దాకా దొరుకుతుంది, టైప్ చేసే ప్రశ్నలకు రెండో దారి చూసుకోవడమే మేలు.

ఈ మెట్లు పంపకాల వరకే. వృత్తాకార అమరికలకు, నిఘంటువు క్రమంలో పదం ర్యాంకు కనుక్కోవడానికి వేరే మెట్లు కావాలి. అవి దీనికంటే పొట్టివి, ర్యాంకు లెక్కలైతే రెండు రోజుల్లో చేతికొస్తాయి.

పంపకాలు పూర్తిగా వచ్చాయో లేదో చూడటానికి, వారం పది రోజులు ఆగి, ముందస్తు మాట లేకుండా ఇవ్వదగిన లెక్క ఒకటుంది. ఐదు వేర్వేరు పుస్తకాలు, ఒకేలా ఉండే ఐదు లడ్డూలు ముగ్గురు పిల్లలకు పంచాలి. ప్రతి ఒక్కరికీ కనీసం ఏదో ఒక వస్తువు రావాలి. 150 ని 6 తో గుణించి 900 రాసినవాళ్లు ప్రతి పిల్లకూ పుస్తకమూ లడ్డూ రెండూ రావాలనుకున్నారు, ప్రశ్నలో లేని షరతును చేర్చారు. షరతు లేకుండా పంచేవి 243 × 21 = 5103. ఒక పిల్లను పక్కనపెడితే మిగిలిన ఇద్దరికీ పుస్తకాలు 32 విధాలు, లడ్డూలు 6 విధాలు, అంటే 192. అలాంటివి ముగ్గురికీ 576 తీసేసి, అన్నీ ఒక్కరికే వెళ్లిన మూడు పంపకాలను తిరిగి కలిపితే 4530. తలా ఒకటి ఎత్తును దీనిమీద ప్రయోగించబోయిన విద్యార్థి మొదటి అడుగులోనే తచ్చాడతాడు, ముందు ఇవ్వాల్సింది పుస్తకమా లడ్డూనా అని.